ఉతుకు తూకానికి, ఇస్త్రీ లెక్కకు

అందరికీ నమస్కారం. పేటలో ఒక చిన్న లాండ్రీ నడిపేవారు ధరల పట్టిక రాసుకోవడానికి కూర్చున్నప్పుడు వారి ముందు మూడు దారులు కనబడతాయి. బట్టకు ఇంత అని తీసుకోవచ్చు, కిలోకు ఇంత అని తీసుకోవచ్చు, లేదా చొక్కాకు ఒక ధర, కోటుకు ఒక ధర అని రకాన్ని బట్టి తీసుకోవచ్చు. ఈ మూడింటిలో ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉందని నా అభిప్రాయం. కొట్టులో జరిగే పనుల్లో కొన్ని బట్టల బరువును బట్టి పెరుగుతాయి, కొన్ని బట్టల సంఖ్యను బట్టి పెరుగుతాయి, మరికొన్ని ఆ బట్ట కుట్టిన తీరును బట్టి పెరుగుతాయి. ఏ పని ఖర్చును ఏ కొలతతో రాబట్టాలన్నదే అసలు విషయం. ఇస్త్రీతో కలిపి కిలోకు ఒకే ధర పెట్టిన కొట్టు ఎలా దెబ్బ తింటుందో ఈరోజు వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను చేసిన తప్పు కూడా అదే.

ముందుగా ఒక సంచి మన బల్ల మీదికి వచ్చినప్పటి నుంచి ఏం జరుగుతుందో చూద్దాం. సంచిని తూచి, లోపలి బట్టలను లెక్కపెట్టి, జేబులు తడిమి, ఒక్కొక్కదానికి గుర్తు కట్టి, రంగులవారీగా వేరు చేసి, మెషీన్లో వేస్తాం. ఉతికి, పిండి, ఆరబెట్టాక ఇస్త్రీ బల్ల మీదికి తెచ్చి, మడతపెట్టి, కట్టకట్టి పక్కన పెడతాం. వీటిలో ఉతకడం, ఆరబెట్టడం మాత్రమే బరువుతో నడిచే పనులు. మెషీన్ డ్రమ్ము సామర్థ్యాన్ని పొడిబట్టల కిలోలలోనే చెబుతారు కాబట్టి నీళ్లు, సబ్బు, కరెంటు, మెషీన్ అరుగుదల అన్నీ దాదాపు తూకం వెంటే నడుస్తాయి. గుర్తు కట్టే పనికి తూకంతో సంబంధమే లేదు. చేతిరుమాలుకైనా దుప్పటికైనా ఒక్కటే గుర్తు, పట్టే కాలం కూడా ఒక్కటే. ఇస్త్రీ సంగతి ఇంకా తిరకాసు. రెండు వందల గ్రాముల చొక్కాకు కాలరు, భుజాల మీది పట్టీ, రెండు కఫ్‌లు, రెండు చేతులు, గుండీల మధ్య సందులు, ముందు భాగాలు, వీపు ఇలా ఇన్ని చోట్ల ఇస్త్రీపెట్టె తిప్పాలి. అర కిలో తువ్వాలును రెండుసార్లు దులిపి మడిస్తే పని అయిపోయినట్టే. అంటే బరువు పెరిగేకొద్దీ పని పెరగకపోగా, చాలాసార్లు తగ్గుతుంది కూడా.

ఇప్పుడు రెండు సంచులను పక్కపక్కన పెట్టి లెక్క వేద్దాం. డబ్బు విలువ ఊరికొక రకంగా ఉంటుంది కాబట్టి ధరలన్నింటినీ మనిషి పని నిమిషాలలో చెబుతాను. మీ కొట్టులో ఒక నిమిషం పనికి ఎంత పడుతుందో, దాని మీద మీకెంత మిగలాలో చూసుకుని, ఆ అంకెతో వీటిని హెచ్చవేసుకుంటే సరిపోతుంది. రెండు సంచులూ కచ్చితంగా అయిదేసి కిలోలే అనుకుందాం. మొదటి సంచిలో అర కిలో చొప్పున 4 తువ్వాళ్లు, 650 గ్రాముల చొప్పున 3 దుప్పట్లు, 150 గ్రాముల చొప్పున 7 దిండు గలీబులు, మొత్తం 14 బట్టలు ఉన్నాయి. రెండో సంచిలో 200 గ్రాముల చొప్పున 25 చొక్కాలు ఉన్నాయి. ఉతుకు, ఆరబెట్టడాలకు అయ్యే నీళ్లు, సబ్బు, కరెంటు, మెషీన్ అరుగుదల కలిపి సంచికి 40 నిమిషాల పనికి సమానమని, మెషీన్లో వేయడానికీ తీయడానికీ 15 నిమిషాలు పడుతుందని లెక్కకోసం పెట్టుకుందాం. అంటే తూకంతో ముడిపడిన ఖర్చు రెండు సంచులకూ 55 నిమిషాలే.

తేడా అంతా ఆ తరువాతే మొదలవుతుంది. గుర్తు కట్టడానికి బట్టకు అర నిమిషం అనుకుంటే మొదటి సంచికి 7 నిమిషాలు, రెండో సంచికి పన్నెండున్నర నిమిషాలు. తువ్వాలు మడతకు ఒక నిమిషం, దుప్పటి ఇస్త్రీకి నాలుగు, దిండు గలీబుకు ఒకటి అనుకుంటే మొదటి సంచి బల్ల మీద 23 నిమిషాలు ఉంటుంది. చొక్కాకు చేతి ఇస్త్రీ అయిదు నిమిషాలు అనుకుంటే రెండో సంచి 125 నిమిషాలు ఉంటుంది. అన్నీ కూడితే మొదటి సంచి ఖర్చు 85 నిమిషాలు, రెండో సంచి ఖర్చు నూట తొంభై రెండున్నర నిమిషాలు. కాటా మీద రెండూ ఒకటే, పనిలో మాత్రం రెండో సంచి మొదటిదానికి రెండింతలు పైనే.

కిలో ధర పెట్టేటప్పుడు మనం సాధారణంగా సగటు తీస్తాం. రెండు సంచులకూ కలిపి పది కిలోలకు రెండు వందల డెబ్భై ఏడున్నర నిమిషాలు అయింది కాబట్టి కిలోకు దాదాపు 28 నిమిషాలు, అంటే సంచికి 139 నిమిషాల ధర అన్నమాట. కాగితం మీద జమాఖర్చులు సరిగ్గా సరిపోతాయి. అయితే తువ్వాళ్ల సంచి తెచ్చిన ఆవిడ 85 నిమిషాల పనికి 139 నిమిషాల ధర కడుతున్నారు. ఆవిడకు ఈ లెక్కలేవీ తెలియనక్కరలేదు, దుప్పట్లు ఇంట్లోనే ఉతుక్కుంటే చవక అని మాత్రం తెలుస్తుంది. రెండు మూడు వారాల్లో ఆవిడ రావడం మానేస్తారు. చొక్కాల సంచి తెచ్చిన ఆయన మాత్రం మానరు, పైగా పక్క ఇంటి చొక్కాలను కూడా వెంట తెస్తారు. అప్పుడు మన సగటు ఆయన వైపే జరిగి, కిలోకు ముప్పై ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకుంటే తప్ప గిట్టదు. ధర పెంచితే మిగిలిన కాసిన్ని తువ్వాళ్ల సంచులు కూడా వెళ్లిపోతాయి. కొట్టు నిండా పని ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి కూడా ఇస్త్రీపెట్టె దించరు, నెలాఖరుకు గల్లాపెట్టెలో మాత్రం ఏమీ ఉండదు. నేను మొదటి ఏడాదిలో సరిగ్గా ఇదే స్థితిలో ఉండి, గిట్టుబాటు కాకపోవడానికి కారణం కరెంటు బిల్లనుకుని మెషీన్ మార్చాను. కారణం మెషీన్ కాదు, ధరల బోర్డు.

మరి బట్టకు ఇంత అని ఒకే ధర పెడితే? ఇదే రెండు సంచులకు వేసి చూద్దాం. 39 బట్టలకు రెండు వందల డెబ్భై ఏడున్నర నిమిషాలు అంటే బట్టకు సుమారు 7 నిమిషాలు. మొదటి సంచికి దాదాపు 100 నిమిషాల ధర, రెండో సంచికి 178 నిమిషాల ధర పడుతుంది. ఆశ్చర్యంగా ఇది కిలో లెక్క కంటే అసలు ఖర్చుకు చాలా దగ్గరగా వచ్చింది. ఇస్త్రీ ప్రధానంగా నడిచే కొట్లు ఏ కాలిక్యులేటరూ లేని రోజుల నుంచీ బట్ట లెక్కనే ఎందుకు పట్టుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే ఈ లెక్క రెండు కొసల దగ్గర తెగిపోతుంది. రెండున్నర కిలోల రగ్గు ఒకటి వచ్చిందనుకోండి, ఉతుకు ఖర్చే 27 నిమిషాలు దాటుతుంది, బట్ట లెక్కన మనకు వచ్చేది 7 నిమిషాలు. అటువైపు ఒక జత మేజోళ్లకు కూడా 7 నిమిషాల ధర అంటే ఎవరూ ఇవ్వరు. అందుకని బట్ట లెక్క పెట్టినవారు రగ్గులకు వేరే, చిన్నబట్టలకు వేరే అని చేర్చుకుంటూ పోయి, చివరికి తెలియకుండానే రకం లెక్కలోకి దిగుతారు.

నేను చివరికి స్థిరపడింది రెండు భాగాల ధర మీద. ఉతికి, ఆరబెట్టే పనికి కిలోకు 11 నిమిషాల ధర, అంటే ఇందాకటి 55 నిమిషాలను అయిదు కిలోలతో భాగిస్తే వచ్చినది. దానిపై బల్ల పనికి బట్టకు ఇంత అని గుర్తు కట్టే అర నిమిషాన్ని కూడా కలిపి, చొక్కాకు అయిదున్నర, దుప్పటికి నాలుగున్నర, దిండు గలీబుకు ఒకటిన్నర, మడతపెట్టి ఇచ్చే తువ్వాలుకు ఒకటిన్నర. మొదటి సంచికి 55కు 30 కలిసి 85, రెండో సంచికి 55కు నూట ముప్పై ఏడున్నర కలిసి నూట తొంభై రెండున్నర. ఇద్దరూ తమ పనికి తామే కడుతున్నారు. చొక్కాలాయనకు ఇది ఎక్కువనిపిస్తే అందులో సగం చొక్కాలను ఇస్త్రీ లేకుండా మడతపెట్టి ఇమ్మంటారు, అలా అడిగే వీలుండడమే ఈ పద్ధతిలోని గొప్ప సౌకర్యం. బోర్డు మీద మాత్రం నాలుగైదు వరుసలకు మించి రాయకండి. ప్రతి బట్టకూ ఒక వరుస రాస్తే చదివేవారికి అదేదో దాచిపెట్టే లెక్కలా కనిపిస్తుంది.

ఇక్కడ ఒకరికి సందేహం రావచ్చు, ఆరబెట్టే ఖర్చు రెండు సంచులకూ ఒకటేనా అని. నిజానికి కాదు, లెక్క తేలికగా ఉండాలని ఒకటే పెట్టాను. తువ్వాళ్లు, దుప్పట్లు నూలువి కావడంతో పిండిన తరువాత కూడా తమ పొడి బరువులో సగానికి పైగా నీటిని పట్టుకుని ఉండవచ్చు, పాలియెస్టర్ కలిసిన చొక్కాలు అంతకంటే బాగా తక్కువ పట్టుకుంటాయి. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికే కనీసం 0.63 యూనిట్ల కరెంటు కావాలి, డ్రయ్యరులో వృథా కలుపుకుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి తువ్వాళ్ల సంచి ఆరడానికి ఒక యూనిట్ అటూఇటుగా అదనంగా తింటుంది. ఆ తేడా వంద నిమిషాల ఇస్త్రీ తేడా ముందు చాలా చిన్నది. దాని కోసం ఇంకో వరుస పెట్టడం అనవసరమని నేననుకుంటాను. పిండే వేగం పెంచితే ఆ ఖర్చు ఎటూ తగ్గుతుంది.

తూకం మాట వచ్చింది కాబట్టి కాటా దగ్గర వచ్చే తగువుల గురించి కొంత చెప్పాలి. తీసుకునేటప్పుడే, ఎదురుగా, పొడిగా ఉన్నప్పుడే తూచాలి. ఒకసారి వ్యాయామానికి వాడిన తువ్వాళ్లు తడితడిగా సంచి అడుగున ఉంటే చూసుకోకుండా తూచాను, నీటికి కూడా ఉతుకు ధర వేశానన్నమాట. వారు ఇంటికి వెళ్లి తూచుకుని, కిలోకు పైగా తగ్గిందని తిరిగి వచ్చారు. తప్పు నాదే, డబ్బు వాపసు ఇచ్చాను. అయితే పొడిబట్టల్లో కూడా చిన్న తేడా ఎప్పుడూ ఉంటుంది. నూలు గాలిలోని తేమను తనలో దాచుకుంటుంది, మామూలు వాతావరణంలో దాని పొడి బరువుకు దాదాపు 8 శాతం తేమే. పాలియెస్టర్లో అది అర శాతం కూడా ఉండదు. డ్రయ్యరులోంచి అప్పుడే తీసిన అయిదు కిలోల దుప్పట్లు రెండు మూడు వందల గ్రాములు తక్కువ తూగితే అవి ఎక్కడికీ పోలేదు, మరునాటికి గాలిలోంచి ఆ బరువును మళ్లీ తెచ్చుకుంటాయి. ఈ మాటను కాటా పక్కన ఒక చీటీ మీద రాసి పెట్టిన తరువాత ఆ తగువు నాకు మళ్లీ రాలేదు. సంచి బరువును ముందే తీసివేయడం, వంద గ్రాముల దగ్గర కిందికి సవరించడం కూడా అలవాటు చేసుకోండి. ఆ కొసరుతో పోయేది కొద్ది, మిగిలే మాట ఎక్కువ.

తూకం ధరలో ఇంకో గుంట చిన్న సంచులు. ఎనిమిది కిలోల డ్రమ్ములో ఒకటిన్నర కిలోల బట్టలు వేసినా మెషీన్ అంతే సేపు తిరుగుతుంది, నీళ్లు కొంత తగ్గుతాయేమో గానీ బట్టల నిష్పత్తిలో తగ్గవు. ఒకరి బట్టలతో మరొకరి బట్టలు కలపబోమని మాట ఇచ్చినవారికి ఇది తప్పదు. కాబట్టి కనీస తూకం పెట్టాలి, నేను డ్రమ్ములో సగం అని పెట్టుకున్నాను. జాలి సంచుల్లో ఒక్కొక్కరివి వేసి కలిపి ఉతికేవారూ ఉన్నారు. ఆ పద్ధతి పనికొస్తుంది, కాకపోతే సంచిని సగానికి మించి నింపితే లోపలి బట్టలు కదలక, మురికి పోక, నడుమ తడి మిగిలిపోయి వాసన వస్తుంది. సంచి తెరవగానే మధ్య బట్టను ముక్కు దగ్గర పెట్టి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

డ్రై క్లీనింగ్ దగ్గరికి వస్తే తూకం దాదాపు పక్కకు తప్పుకుంటుంది. నీటికి బదులు వాడే ద్రావకాన్ని మెషీన్లోనే వడగట్టి, మరిగించి, చల్లార్చి మళ్లీ వాడతాం కాబట్టి బట్టకు ఖర్చయ్యే ద్రావకం కొద్దిపాటిదే. మనిషి పనే ఎక్కువ. ఒక కోటు వస్తే వెలుతురులో పరచి మరకలు వెతకాలి, ఏ మరక దేనిదో అడిగి తెలుసుకోవాలి, నూనె మరకకు ఒక మందు, చెమటకూ తేనీటికీ వేరొక మందు వాడి ముందే చికిత్స చేయాలి, గుండీలకు కవచం కట్టాలి, తీశాక ఆవిరి పట్టి లైనింగునూ పై బట్టనూ విడివిడిగా సరిచేయాలి. ఇందులో ఏదీ గ్రాములను అడగదు. అందువల్ల ఇక్కడ రకం లెక్కే సరైనది. అయితే రకం అంటే ఏమిటన్నది జాగ్రత్తగా తేల్చుకోవాలి. స్కర్టు అని ఒక్క వరుస రాస్తే సరిపోదు, కుచ్చులు లేని స్కర్టుకు, ముప్పై కుచ్చుల స్కర్టుకు ఇస్త్రీలో పోలికే లేదు. నేను ప్రాథమిక ధర మీద కుచ్చుకు ఇంత, లైనింగు ఉంటే ఇంత అని కలుపుతాను. పూసలు, మెరుపు బిళ్లలు ఉంటే ధర కంటే ముందు లేబులు చూస్తాను. లేబులు మీద వలయంలో P అని ఉంటే పెర్క్ అని పిలిచే పెర్క్లోరోఎథిలీన్ ద్రావకం వాడవచ్చు, F అని ఉంటే పెట్రోలియం జాతి ద్రావకమే వాడాలి. గుర్తు కింద గీత ఉంటే సున్నితంగా నడపాలి, అంటే మెషీన్లో తక్కువ బట్టలు వేయాలి. అప్పుడు ఒక్కో బట్ట మీద పడే మెషీన్ ఖర్చు పెరుగుతుంది, ధరలో ఆ పెరుగుదల చూపించడం న్యాయమే. కొన్ని ప్లాస్టిక్ పూసలు పెర్క్‌లో మెత్తబడి కరిగిపోతాయి కూడా, అలాంటివాటికి ఎంత ధర ఇస్తామన్నా నేను తీసుకోను.

రకం లెక్కలో జరిగే పెద్ద అన్యాయం ఒకటి ఉంది. మగవారి చొక్కాకు ఒక ధర, ఆడవారి చొక్కాకు అంతకంటే ఎక్కువ ధర అని చాలా చోట్ల రాసేవారు. దానికి వెనుక ఒక నిజమైన కారణం లేకపోలేదు. చొక్కాలను ప్రెస్ చేసే యంత్రపు బొమ్మ ఒకే కొలతకు చేసి ఉంటుంది, చిన్న చొక్కాలూ, నడుము దగ్గర మడతలు కుట్టినవీ దాని మీద కూర్చోవు కాబట్టి చేత్తో చేయాల్సి వస్తుంది. కాని ఆ కారణం చొక్కాది, తొడుక్కునే మనిషిది కాదు. కాలిఫోర్నియాలో 1995లో చేసిన చట్టం, సేవలకు స్త్రీ పురుష భేదాన్ని బట్టి ధరలు వేయకూడదని, పట్టే కాలం, కష్టం, ఖర్చులను బట్టి మాత్రం తేడా చూపవచ్చని చెప్పింది. డ్రై క్లీనింగ్ కొట్ల వంటివి ధరల పట్టికను కనబడేలా పెట్టాలని కూడా ఇప్పుడు ఆ చట్టంలో ఉంది. చట్టం ఉన్నా లేకున్నా మన బోర్డు మీద యంత్రం మీద అయ్యే చొక్కా, చేత్తో చేయాల్సిన చొక్కా అని రెండు వరుసలు రాస్తే చాలు. సన్నని మగవాడి చొక్కా కూడా ఒక్కోసారి రెండో వరుసలోకే వస్తుంది.

బట్ట ఖరీదును బట్టి ధర వేయమని సలహా ఇచ్చేవారున్నారు, పాడైతే నష్టపరిహారం పెద్దదని వారి వాదన. నేను అలా చేయను. పాడయ్యే అవకాశం ఖరీదును బట్టి రాదు, రంగు నిలవకపోవడం, జిగురుతో అంటించిన లైనింగు ఊడిపోవడం వంటి వాటిని బట్టి వస్తుంది. చవక కోటులోనే అది ఎక్కువ. ముందే చూసి, రాసి, సంతకం తీసుకోవడం దానికి మందు. జత సూటులో కోటు ఒక్కటే ఇస్తామంటే మాత్రం ప్యాంటు కూడా తెమ్మని చెబుతాను, జతకు కొంచెం తగ్గిస్తాను కూడా. ఒకటి పదిసార్లు శుభ్రపడి, రెండోది పడకపోతే రంగులో తేడా వస్తుంది, అప్పుడు రెండూ పనికిరావు.

మీ కొట్టులో ఇప్పుడున్న ధర ఎటు వంగుతోందో తెలుసుకోవడానికి పెద్ద లెక్కలేవీ అక్కరలేదు. రసీదు మీద కిలోలతోపాటు బట్టల సంఖ్య కూడా రాసే అలవాటు చేసుకుని, వారానికోసారి మొత్తం బట్టలను మొత్తం కిలోలతో భాగించండి. మన మొదటి సంచికి ఆ అంకె 2.8, రెండో సంచికి 5. కిలో ధరలో ఇస్త్రీ కలిపి ఉన్న కొట్టులో ఈ అంకె వారం వారం పైకి పాకుతుంటే తువ్వాళ్లు వెళ్లిపోతున్నాయని, చొక్కాలు వస్తున్నాయని అర్థం. నా పాత రసీదులు తిరగేసి చూసినప్పుడు అది మొదటి నెలలో మూడుకు కాస్త పైన మొదలై, నేను మెషీన్ మార్చిన నెలకు నాలుగున్నర దాటి ఉంది.